పచ్చడి సీసా కొరియర్‌లో పగలకుండా, కారకుండా వెళ్ళాలంటే

ప్రశ్న: అక్కా, ఇంట్లో చేసిన ఆవకాయ, గోంగూర గాజు సీసాల్లో పెట్టి హైదరాబాద్, బెంగళూరు పంపుతున్నాను. పోయిన నెల 38 పార్సిళ్ళలో 7 పాడైపోయాయని ఫోన్లు వచ్చాయి. బబుల్ ర్యాప్ మూడు చుట్లు చుడుతున్నా, ఫ్రాజైల్ స్టిక్కర్ కూడా వేస్తున్నా. ఇంకా మందం బబుల్ ర్యాప్ కొనాలా? మా చెల్లెలు గాజు దీపాలు కూడా అమ్ముదామంటోంది, వాటికీ ఇదే ప్యాకింగ్ సరిపోతుందా?

జవాబు:

బబుల్ ర్యాప్ ఇప్పుడే కొనకండి. ముందు ఆ ఏడుగురికీ ఫోన్ చేసి ఫొటోలు అడగండి. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఆ ఏడింటిలో సీసా నిజంగా పగిలినవి ఎన్ని, సీసా నిక్షేపంలా ఉండి నూనె కారినవి ఎన్ని. కొనుక్కున్నవాళ్ళు రెండింటినీ "పాడైపోయింది" అనే చెప్తారు, కానీ ఆ రెండూ వేరు వేరు జబ్బులు. పగలడం ప్యాకింగ్‌లో లోపం, కారడం మూతలో లోపం. మూత సరిగా లేకపోతే పది చుట్లు చుట్టినా నూనె బయటికి వచ్చేస్తుంది.

నేను మొదలుపెట్టిన ఏడాది ఈ తేడా తెలియక చాలా డబ్బు బబుల్ ర్యాప్ మీదే పోశాను. ఒకసారి పుణె వాళ్ళకి అరకిలో సీసాలు పన్నెండు ఒకే పెట్టెలో సర్ది పంపాను. వాళ్ళు పంపిన ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పెట్టె అడుగంతా నూనె పీల్చి అట్ట గోధుమరంగు నుంచి నల్లబడిపోయింది, టేపు జిగురు వదిలేసి వేలాడుతోంది, అడుగు తెరుచుకుని సీసాలు కిందపడి అప్పుడు పగిలాయి. అంతా సర్దుకున్నాక చూస్తే మొదట కారింది ఒక్క సీసా, దాని మూత కొంచెం పక్కకి ఎక్కింది. ఆ ఒక్క సీసా నుంచి కారిన నాలుగైదు చెంచాల నూనె మిగతా పదకొండింటినీ పాడుచేసింది. కొరియర్ వాళ్ళని తిట్టుకున్నాను గానీ, నిజానికి పెట్టె బయల్దేరేటప్పటికే పని చెడిపోయింది.

అందుకని ఫొటోలు వచ్చాక ఇలా చూడండి. సీసా పొట్ట మీద ఒక చుక్క నుంచి నక్షత్రంలా పగుళ్ళు నాలుగు వైపులా పోతే, పక్క సీసా దానికి తగిలిందన్నమాట. మధ్యలో అడ్డు లేదని అర్థం. అడుగు బిళ్ళలా ఊడివస్తే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పెట్టె నిలువుగా పడినప్పుడు సీసా కింద మెత్తదనం చాల్లేదు. రెండోది చాలామందికి తట్టదు, వేడివేడి గోంగూర పోపుతో సహా చల్లటి సీసాలో పోసేస్తే అడుగు చుట్టూ వెంట్రుక మందాన పగులు పడుతుంది, కంటికి ఆనదు, దారిలో చిన్న దెబ్బకే విడిపోతుంది. గోంగూర సీసాలే ఎక్కువగా అడుగు ఊడుతుంటే అనుమానం ప్యాకింగ్ మీద కాదు, పొయ్యి దగ్గర పెట్టుకోండి. పచ్చడి పూర్తిగా చల్లారాకే సీసాకి ఎత్తండి. ఇక మెడ దగ్గర, భుజం దగ్గర పగిలితే పైనుంచి బరువు పడింది. పెట్టెలో ఖాళీ ఉండి పైన ఇంకో పెట్టె ఎక్కితే మూత మీదే ఆ బరువంతా దిగుతుంది. గాజు ముక్క ఒక్కటి కూడా లేకుండా అంతా నూనె ఉంటే, మూత.

మీకు ఏడింటిలో నాలుగైనా మూతవే అయి ఉంటాయని నా అంచనా, ఎందుకంటే మీరు పంపుతున్నది ఆవకాయ. కాబట్టి లోపల్నుంచి మొదలుపెడదాం.

ఆవకాయ కలిపిన రోజో మర్నాడో సీసాకి ఎత్తి పంపేస్తున్నారా? ఆర్డర్లు ఎక్కువుంటే అందరం చేసే తప్పే అది. మూడో రోజు తిరగకలిపేదాకా ముక్కలో ఊట దిగుతూనే ఉంటుంది, ఆవపిండి నూనె పీల్చి ఉబ్బుతుంది, తర్వాత నూనె పైకి తేరుతుంది. ఈ మార్పులన్నీ జాడీలోనే అయిపోవాలి. సీసాలో అయితే మట్టం పైకి వచ్చి మూతకి తగులుతుంది, కొంచెం గాలి కూడా పుట్టి మూతని లోపల్నుంచి నెడుతుంది. నేను తిరగకలిపాక కనీసం ఇంకో వారం జాడీలో ఉంచి, నూనె పైకి తేరి నిలకడగా ఉందని చూసుకునే సీసాల్లో పెడతాను. అప్పుడు కూడా అంచుదాకా నింపను. మూతకీ నూనెకీ మధ్య వేలి మందం, అంటే ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ ఖాళీ వదులుతాను. మే నెలలో వ్యాన్ లోపల వేడి మనం ఇంట్లో ఊహించేదానికంటే చాలా ఎక్కువ. మన గదిలో 25 డిగ్రీల దగ్గరున్న అరలీటరు నూనె 55 డిగ్రీలకి వెళ్తే పది మిల్లీలీటర్ల దాకా పెరుగుతుంది, అంటే రెండు టీస్పూన్లు. ఖాళీ లేకపోతే ఆ రెండు టీస్పూన్లు మూత సందులోంచే వెళ్ళాలి.

ఆ తర్వాత సీసా మూతి. గరిటెతో పెట్టేటప్పుడు అంచు మీద ఒక్క బొట్టు నూనె, నాలుగు ఆవపిండి రవ్వలు పడతాయి. మూత బిగిస్తే బిగుసుకున్నట్టే ఉంటుంది, కానీ ఆ రవ్వ ఉన్నచోట సందు మిగిలిపోతుంది. నేను వెడల్పు మూతి గరాటు పెట్టి నింపుతాను, నింపాక పొడి నూలుగుడ్డతో ఒకసారి, వేరే శుభ్రమైన గుడ్డతో ఇంకోసారి అంచునీ, బయట మరలనీ తుడుస్తాను. వేలితో రాస్తే జారకూడదు. పొడిగా, కీచుమన్నట్టు ఉండాలి.

మన వైపు చాలామంది చేసే ఇంకో పని, మూత కింద పాలిథిన్ ముక్క పెట్టి బిగించడం. దయచేసి మానేయండి. ఇనుప ట్విస్ట్ మూతల లోపల అంచుకి రబ్బరులా మెత్తటి వలయం ఒకటి ఉంటుంది, సీసా మూతి దానిలోకి కొంచెం దిగబడితేనే సీలు పడుతుంది. మధ్యలో పాలిథిన్ పెడితే అది మడతలు పడుతుంది, ప్రతి మడతా నూనెకి ఒక కాలువ. అలాగే పాత సీసాల మూతలు తిరిగి వాడొద్దు. ఆ వలయం మీద పాత సీసా మూతి అచ్చు పడిపోయి ఉంటుంది, కొత్త సీసా అదే గాడిలో కూర్చోదు. సీసాలు కొనేచోట నూనె పదార్థాలకి పనికొచ్చే లైనర్ ఉన్న మూతలే కావాలని అడిగి తీసుకోండి. బలం కొద్దీ బిగించడం కూడా తప్పే. ట్విస్ట్ మూత ఒక హద్దు దాటితే పళ్ళు జారిపోయి వదులవుతుంది, తిప్పుతుంటే టక్కుమని చెయ్యి తేలికైపోవడం తెలుస్తుంది. అలా అయిన మూత పారేయాల్సిందే.

మూత పెట్టాక సీసాని తలకిందులుగా పాత న్యూస్‌పేపర్ మీద రాత్రంతా నిలబెట్టండి. ఇదొక్కటి చేసినా మీ ఫిర్యాదులు బాగా తగ్గుతాయి. పొద్దున కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే, నూనె తగిలినచోట అక్షరాలు అటువైపు నుంచి కూడా కనిపిస్తాయి. బియ్యపు గింజంత మరక ఉన్నా ఆ సీసా వెళ్ళకూడదు, మూత మార్చి మళ్ళీ ఒక రాత్రి. నేను ఏ ఆర్డరైనా ఒకరోజు ఆలస్యంగా పంపేది ఇందుకే, కొనేవాళ్ళకి ముందే చెప్పేస్తాను.

పరీక్షలో నిలిచిన సీసా కూడా దారిలో వదులవ్వొచ్చు. లారీ వందల కిలోమీటర్లు అదురుతూ వెళ్తుంది, ఆ అదురుకి మూత సన్నగా వెనక్కి తిరుగుతుంది. అందుకే మూత మీద, సీసా మెడ మీద పడేలా కరెంటు పనికి వాడే సాగే టేపు లాగి రెండు చుట్లు వేస్తాను. మూత బిగిసే దిక్కునే చుట్టాలి, వ్యతిరేకంగా చుడితే లాగుతున్నప్పుడు మీరే మూత విప్పినట్టవుతుంది. చూడ్డానికి బాగుండాలంటే ష్రింక్ బ్యాండ్ వేసి వేడి గాలి కొట్టండి, అదీ మూతని కదలనివ్వదు. కానీ అది సీలు కాదు, కారే సీసాకి బ్యాండ్ వేస్తే బ్యాండ్ లోపల కారుతుంది.

చివరగా ప్రతి సీసానీ విడివిడిగా మందం పాలిథిన్ కవరులో పెట్టి, చేతి సీలర్‌తో మూతి అతికించేస్తాను. జిప్ కవరు వద్దు, పైన ఒత్తిడి పడితే జిప్ విడిపోతుంది. కవరులో సీసాతో పాటు ఒక టిష్యూ మడత వేస్తాను. ఇన్ని చేసినా ఎప్పుడో ఒకటి కారుతుంది. కారితే ఆ నూనె ఆ కవరులోనే ఆగిపోవాలి, అట్టకి తగలకూడదు. పన్నెండు సీసాల కథ మళ్ళీ జరగకపోవడానికి ఈ ఒక్క కవరే కారణం.

ఇప్పుడు పగలడం సంగతి. సీసాని కాపాడేది చుట్టిన మందం కాదు, పడినప్పుడు సీసా ఆగడానికి దొరికే దూరం. పెట్టె డైనింగ్ టేబుల్ ఎత్తు నుంచి, అంటే ఇంచుమించు 76 సెంటీమీటర్ల నుంచి పడిందనుకోండి. లోపల సీసా రెండు సెంటీమీటర్లు మెత్తగా అణుగుతూ ఆగితే, 76ని 2తో భాగించండి, దాని బరువుకి దాదాపు 38 రెట్ల ఒత్తిడి దాని మీద పడుతుంది. పచ్చడితో 800 గ్రాములుండే సీసా మీద అది 30 కిలోల బరువు మోపినట్టు. గాజు తట్టుకుంటుంది. అదే మెత్తదనం అర సెంటీమీటరే ఉంటే 150 రెట్లు, అంటే 120 కిలోలు, అదీ ఒక చిన్న చుక్క మీద. మీ మూడు చుట్ల బబుల్ ర్యాప్ చేతికి మందంగానే ఉంటుంది, కానీ 800 గ్రాముల సీసా అడుగు దాని మీద పడగానే బుడగలు నలిగిపోయి ఆ అర సెంటీమీటరే మిగులుతుంది. చుట్టూ చుడతారు గానీ అడుగునా పైనా ర్యాప్ మడిచి వదిలేస్తారు, సీసా ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే. ఇంకా మందం ర్యాప్ కొని పొట్ట చుట్టూ చుడితే అడుగుకి ఏమీ ఒరగదు.

నేను కట్టే నాలుగు సీసాల పెట్టె కొలతలతో సహా చెప్తాను, నా ఆర్డర్లలో ఎక్కువ ఇదే. సీసా అడ్డం ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ఎత్తు 13. అడుక్కి ఒకటి, మూతకి ఒకటి, సెంటీమీటర్ పైచిలుకు మందం ఉన్న తెల్ల ఫోమ్ షీటు బిళ్ళలు కత్తిరించి పెడతాను. పరుపుల కొట్లో, ప్యాకింగ్ సామాన్ల కొట్లో షీటుగా దొరుకుతుంది, థర్మాకోల్ కాదు, నొక్కితే అణిగి మళ్ళీ లేచేది. ఆ రెండు బిళ్ళలతో కలిపి పొట్ట చుట్టూ పెద్ద బుడగల బబుల్ ర్యాప్ రెండు చుట్లు, బుడగలు లోపలికి ఉండేలా. మరీ బిగుతుగా లాగకండి, లాగితే బుడగల్లో సగం ముందే నలిగిపోతాయి. ఇప్పుడు ఒక్కో సీసా 11 సెంటీమీటర్ల అడ్డం, 16 ఎత్తు అయ్యింది.

నాలుగు సీసాల మధ్య కూడిక గుర్తులా అట్ట అడ్డు ఉండాలి. కొనక్కర్లేదు, పాత కార్టన్ల నుంచి రెండు పలకలు కోసి, ఒకదానికి పైనుంచి సగం దాకా, రెండోదానికి కిందనుంచి సగం దాకా గాటు పెట్టి ఒకదాన్లో ఒకటి దించితే గళ్ళు అయిపోతాయి. ఈ అడ్డు ఎత్తు చుట్టిన సీసా ఎత్తుకి సమానంగా, లేదా ఒక్క పిసరు ఎక్కువ ఉండేలా కోయండి. అప్పుడు పైన ఏదైనా బరువు పడితే అట్ట గోడలు మోస్తాయి, మూతలు మోయక్కర్లేదు. అట్ట పొరల మధ్య ఉండే అలల్లాంటి గాడులు నిలువుగా ఉండాలి, అడ్డంగా కోస్తే అదే అట్ట కాగితంలా వంగిపోతుంది.

ఈ మొత్తం 22 బై 22 బై 16 అయ్యింది కదా, దీన్ని 30 బై 30 బై 24 పెట్టెలో, ఆరు వైపులా నాలుగేసి సెంటీమీటర్లు వదిలి కూర్చోబెడతాను. ఆ ఖాళీలో గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం గట్టిగా ఉండలు చుట్టి కూరుతాను. న్యూస్‌పేపర్ అయితే ఒక రాత్రి లారీ అదురుకే అణిగి పలకైపోతుంది, పెట్టె చేరేసరికి పైన రెండు వేళ్ళ ఖాళీ తయారవుతుంది. థర్మాకోల్ గింజలు కూడా వద్దు, బరువైన సీసా అదురుతూ అదురుతూ వాటిలోంచి అడుక్కి దిగిపోతుంది. వరిగడ్డి బాగానే పనిచేస్తుంది, జాడీలూ గాజులూ అందులోనే వచ్చేవి, కానీ తినే వస్తువుతో పాటు దుమ్ము, పురుగు, తేమ వెళ్తాయని నేను వాడను. మూత రెక్కలు మూసేటప్పుడు అరచేత్తో కొంచెం నొక్కాల్సి రావాలి. ఊరికే మూసుకుపోతే ఇంకా రెండు ఉండలు పెట్టండి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చప్పుడు రాకపోవడం ఒక్కటే చాలదు, లోపల బరువు అటూ ఇటూ జరిగినట్టు చేతికి కూడా తెలియకూడదు.

మూడు కిలోలు దాటితే పెట్టె అయిదు పొరలది తీసుకోండి, కిరాణా కొట్లోంచి తెచ్చిన పాత పెట్టెలు వద్దు. ఒకసారి బరువు మోసిన అట్టకి మూలలు మెత్తబడి ఉంటాయి, పైకి కనపడదు. కార్టన్లు చేసేవాళ్ళకి లోపలి కొలతలు అని స్పష్టంగా చెప్పండి. వానాకాలంలో ఖాళీ పెట్టెలు నేల మీద పెట్టకండి, చెమ్మకి అట్ట సత్తువ పోతుంది, బల్ల మీదో అటక మీదో ఉంచండి. టేపు రెండంగుళాలది, మధ్య గీత మీద ఒకటి, రెండు చివరల అంచుల మీద ఒక్కోటి, అడుగున మధ్య గీత మీద ఇంకోటి అదనంగా. ప్రతి టేపూ పక్క గోడ మీదకి నాలుగు వేళ్ళు దిగాలి. ఇదంతా నూనె చేత్తో చేయకండి, ఆ చెయ్యి తగిలినచోట టేపు పట్టదు. నేను ప్యాకింగ్ బల్ల పచ్చడి ఎత్తే గదిలో కాకుండా వేరే గదిలో పెట్టుకున్నాను. పెట్టెకి తాడు కట్టకండి, కొరియర్ వాళ్ళ హబ్‌లో బెల్టు మీద వెళ్ళేటప్పుడు చిక్కుకుంటుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, పెట్టె పెద్దదైతే కొరియర్ ఛార్జీ పెరుగుతుంది కదా అంటారు. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు, ఆ వచ్చిన కిలోలకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తారు. నా పెట్టెకి 21,600ని 5000తో భాగిస్తే 4.32. అసలు బరువు నాలుగు సీసాలు 3.2 కిలోలు, పెట్టె, ఫోమ్ కలిపి ఇంచుమించు 3.8. అరకిలో లెక్కన చూస్తే 4.5కి కడతాను. పెట్టె చిన్నది చేసి బిగించి కట్టినా అసలు బరువుకి 4కి కట్టాల్సిందే, తేడా అరకిలో ఛార్జీయే. ఒక్క సీసా పగిలితే పచ్చడి ఖరీదు, మళ్ళీ పంపే ఛార్జీ, ఆ మనిషి మళ్ళీ కొనకపోవడం, ఇవన్నీ దానికంటే చాలా ఎక్కువ. ఇదే లెక్కతో చూసుకునే నేను ఒక పెట్టెలో ఆరు దాటి పెట్టడం మానేశాను. పన్నెండు సీసాల ఆర్డరొస్తే నాలుగేసి మూడు పెట్టెలు. బరువైన పెట్టెని మోసేవాడు వదిలేస్తాడు, తేలికైనదాన్ని విసురుతాడు, మూడు నాలుగు కిలోలది చేత్తో పెడతాడు, ఇది నేను ఇన్నేళ్ళు గోడౌన్ల దగ్గర నిలబడి చూసింది.

ఫ్రాజైల్ స్టిక్కర్ వేయండి, నష్టం లేదు, కానీ దాన్ని నమ్ముకుని ఒక్క చుట్టు కూడా తగ్గించకండి. హబ్‌లో పెట్టె బెల్టు మీద దొర్లుతుంది, జారుడు పలక మీద నుంచి ఇంకో పెట్టె మీద పడుతుంది, అక్కడ స్టిక్కర్ చదివే మనిషే ఉండడు. "ఈ వైపు పైకి" అన్న బాణం గుర్తు కూడా అంతే. మీ పెట్టె తలకిందులుగా రెండు రోజులు ఉంటుందనే అనుకుని కట్టండి. ఒకటి మాత్రం మన చేతిలో ఉంది, పెట్టె ఎత్తు దాని వెడల్పు కంటే తక్కువ ఉండేలా చూసుకుంటే అది ఎక్కువసార్లు అడుగు మీదే నిలుస్తుంది. ఎత్తుగా సన్నగా ఉన్న పెట్టె ఎలా పెట్టినా పడిపోతుంది.

కట్టడం అయ్యాక నిజంగా నిలుస్తుందో లేదో ఇంట్లోనే తేలుతుంది. పార్సిళ్ళ పరీక్షకి ఇస్టా 1ఎ అని ఒక పద్ధతి ఉంది, పది కిలోల లోపు పెట్టెని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పదిసార్లు వదలాలి. మొదట ఒక మూల మీద, తర్వాత ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, తర్వాత ఆరు ముఖాల మీద. మూల ఏదంటే, పెట్టె పక్కన అట్ట అతికించిన కీలు ఉంటుంది చూడండి, ఆ కీలు అడుగుని కలిసే మూల. సీసాల్లో పచ్చడి బదులు సగం నీళ్ళు, సగం వాడేసిన నూనె పోయండి. నీళ్ళు కారని సందులోంచి కూడా నూనె కారుతుంది. డైనింగ్ టేబుల్ అంచుకి సమానంగా పట్టుకుని గచ్చు మీద వదిలేయండి, విసరొద్దు. పది అయ్యాక పెట్టె విప్పకుండా ఒక రాత్రి పక్కకి పడుకోబెట్టి, మర్నాడు విప్పండి. సీసాలు బాగుండటమే కాదు, ఫోమ్ బిళ్ళ శాశ్వతంగా అణిగిపోయిందా, అట్ట అడ్డు నలిగిందా, పైన ఖాళీ ఏర్పడిందా చూడండి. నా మొదటి పెట్టె నాలుగో దెబ్బకే పోయింది, అడుగు బిళ్ళ సగం మందమే పెట్టానప్పుడు. బిళ్ళ మార్చాక పదీ నిలిచింది. సీసా మార్చినా, పెట్టె సైజు మార్చినా ఈ పరీక్ష మళ్ళీ చేస్తాను, నాలుగు సీసాలు పోతే పోనీ అనుకుని.

మీ చెల్లెలి దీపాల గురించి. సరిపోదు, అది వేరే పని. పచ్చడి సీసా బరువు, గుండ్రం, మందం గాజు. దాని శత్రువు దాని బరువే. దీపం తేలిక, కానీ పిడి, కాడ, పల్చటి అంచు ఉంటాయి. గట్టిగా చుడితే ఆ చుట్టడంలోనే కాడ విరుగుతుంది. ముందు లోపలి బోలు భాగాన్ని మెత్తటి కాగితంతో నింపాలి, కాడ చుట్టూ విడిగా కాగితం చుట్టి దాన్ని పొట్టతో సమానమైన లావు చేయాలి, అప్పుడే మొత్తానికి ర్యాప్. అంచు ఏ గోడకీ తగలకూడదు. దాన్ని చిన్న పెట్టెలో బిగించి, ఆ పెట్టెని పెద్ద పెట్టెలో అన్ని వైపులా అయిదు సెంటీమీటర్లు వదిలి పెట్టాలి. తేలికైన వస్తువు కాబట్టి మెత్తటి కాగితమే పనిచేస్తుంది, నా గట్టి ఫోమ్ పెడితే దీపం బరువుకి అది అణగనే అణగదు, దెబ్బంతా గాజుకే పోతుంది. ఇక్కడ చార్జీ మాత్రం సైజు మీదే పడుతుంది, ధర పెట్టేటప్పుడు అది చూసుకోమనండి.

అమెరికా, దుబాయ్ ఆర్డర్లు మొదలైతే గాజు పంపకండి. విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, సీసాలో మిగిలిన గాలి మూతని లోపల్నుంచి నెడుతుంది, రాత్రంతా బోర్లించి పరీక్షించిన మూత కూడా అక్కడ ఓడిపోవచ్చు. నేను బయట దేశాలకి మందం పౌచ్‌లో గాలి తీసేసి సీలు వేసి, దాన్ని ఇంకో పౌచ్‌లో పెట్టి పంపుతాను. గాజు సీసా అందం కావాలన్నవాళ్ళకి సర్ది చెప్తాను, వింటారు.

పరిహారం మీద ఆశ పెట్టుకోకండి. చాలా కొరియర్ల నిబంధనల్లో గాజుకీ ద్రవాలకీ బాధ్యత ఉండదు, లేదా ప్యాకింగ్ సరిగా లేదని తిప్పి పంపుతారు. అయినా పెట్టె మూసే ముందు లోపల ఒక ఫొటో, టేపు వేశాక నాలుగు వైపులా ఫొటోలు తీసి ఆర్డర్ నంబరుతో దాచుకోండి. అడిగే హక్కుకే కాదు, ఫిర్యాదు వచ్చినప్పుడు ఏ పెట్టె ఎలా కట్టామో మనకి గుర్తుండాలి కదా. చిరునామా కాగితం మీద పారదర్శకమైన టేపు వేయండి, ఇంకో కాపీ పెట్టె లోపల పెట్టండి. ఎండాకాలంలో శుక్ర, శనివారాలు పంపకండి, ఆదివారమంతా ఆ పెట్టె రేకుల గోడౌన్‌లో ఉడుకుతుంది.

ఇప్పటికి ఈ వారం చేయాల్సినవి రెండే. ఉన్న స్టాకు సీసాలన్నీ ఈ రాత్రి న్యూస్‌పేపర్ మీద బోర్లించండి, పొద్దున ఎన్ని మరకలు పడ్డాయో లెక్కపెట్టండి. ఆ ఏడుగురి దగ్గర్నుంచి ఫొటోలు వచ్చాక ఇక్కడ పెట్టండి, పగులు ఎక్కడ మొదలైందో చూసి మీ పెట్టెలో ఏం మార్చాలో చెప్తాను. సీసా కొలతలు, మూత లోపలి ఫొటో కూడా పెట్టండి.